ఫైబర్ బోటు, ఇంజను, వలలకి ఇన్సూరెన్స్: ఏది వస్తుంది, ఏది రాదు

ప్రశ్న: "మాది ఉప్పాడ దగ్గర. బ్యాంకు లోను మీద ఫైబర్ బోటు, ఔట్‌బోర్డ్ ఇంజను, వలలు తీసుకున్నాను. అన్నీ కలిపి ఆరు లక్షలు. ఇన్సూరెన్స్ చేయించమని బ్యాంకు వాళ్లు అంటున్నారు. ఏజెంటేమో మునిగినా, తుఫానుకి పోయినా, దొంగలెత్తుకెళ్లినా అన్నీ వస్తాయంటున్నాడు. నిజంగా వస్తాయా? సంతకం పెట్టే ముందు ఏం చూసుకోవాలి?"

అన్నీ రావండి. మామూలుగా అమ్మే పాలసీలో బోటు సముద్రంలో పూర్తిగా పోతే డబ్బు వస్తుంది. దెబ్బతిని బాగుచేసుకునేలా ఉంటే వస్తుందా రాదా అన్నది మీరు ఏ రకం పాలసీ తీసుకున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒడ్డున పెట్టిన ఇంజనుని రాత్రి ఎవరైనా చడీచప్పుడు లేకుండా విప్పుకుపోతే, విడిగా రాయించుకుంటే తప్ప రాదు. నీళ్లలో వేసిన వల పోతే దాదాపు ఎప్పుడూ రాదు. నేను కోస్తాలో బోట్ల నష్టాలు చూసే సర్వేయర్ని. క్లెయిములు ఎక్కువగా ఈ మూడు చోట్లే చిక్కుకుంటాయి. అందుకని వీటి గురించే వివరంగా రాస్తాను.

ముందు పాలసీ మొదటి పేజీలో "టోటల్ లాస్ ఓన్లీ" అని గానీ, "టీఎల్‌ఓ" అని గానీ ఉందేమో చూడండి. ప్రీమియం తక్కువ పడుతుందని చిన్న బోట్లకి ఎక్కువగా ఇదే అంటగడతారు. బోటు పూర్తిగా పోతేనే డబ్బు వస్తుందని దాని అర్థం. సగం విరిగితే సగం ఇస్తారనుకోకండి, అసలేమీ ఇవ్వరు.

ఇది ఎలా కొంప ముంచుతుందో మీ ఆరు లక్షలతోనే లెక్క వేసి చూద్దాం. పాలసీలో బోటు 3,50,000, ఇంజను 1,20,000, వలలు 1,30,000 అని రాయించారనుకోండి. వేట నుంచి తిరిగొస్తుంటే మొగ దగ్గర కెరటం అడ్డంగా కొట్టి బోటు బోల్తా పడింది. మనుషులు ఈదుకొచ్చారు, బోటు ఒడ్డుకి కొట్టుకొచ్చింది. అడుగున ఫైబర్ చీలిపోయింది, ఇంజను బిగించే వెనక పలక ఊడింది, ఇంజనులోకి ఉప్పునీళ్లు వెళ్లాయి, వలలు పోయాయి. యార్డు వాళ్లు బోటు రిపేరుకి 2,60,000 అన్నారు, మెకానిక్ ఇంజనుకి 60,000 అన్నాడు. మొత్తం 3,20,000. బోటు, ఇంజను కలిపి రాయించిన విలువేమో 4,70,000. రిపేరు ఖర్చు ఆ విలువని దాటలేదు కాబట్టి లెక్క ప్రకారం బోటు "పూర్తిగా పోలేదు". టీఎల్‌ఓ పాలసీ అయితే మీ చేతికి సున్నా. బోటు పూర్తిగా పోతేనే వలలకి ఇస్తామని షరతు ఉంటే వలలకీ సున్నా.

అదే ప్రమాదం, అదే బోటు, కానీ పాక్షిక నష్టం కూడా ఉన్న పాలసీ అయితే 3,20,000లోంచి మీ వంతుగా రాసుకున్న కోత తీసేసి మిగిలింది ఇస్తారు. దాన్నే వాళ్లు ఎక్సెస్ అనో డిడక్టిబుల్ అనో అంటారు. ఆ కోత ఎంతన్నది కూడా మొదటి పేజీలోనే ఉంటుంది. మీ ప్రాంతంలో బోట్లు నడిసముద్రంలో మాయమవడం కంటే మొగ దగ్గరా, ఒడ్డు కెరటాల్లోనూ దెబ్బతినడమే ఎక్కువ. కాబట్టి ప్రీమియం నాలుగు డబ్బులు ఎక్కువైనా పాక్షిక నష్టం ఉన్న పాలసీయే తీసుకోండి. ఈ ఒక్క విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

రిపేరు ఖర్చు విలువని దాటిపోతే బోటు కళ్లెదురుగా ఒడ్డున పడి ఉన్నా పూర్తి నష్టం కిందే లెక్క. 1963 నాటి మెరైన్ ఇన్సూరెన్స్ చట్టం దీన్ని ఒప్పుకుంటుంది. కాకపోతే ఆ బోటుని కంపెనీకి వదిలేస్తున్నట్టు మీరు వెంటనే నోటీసు ఇవ్వాలి. చట్టం ప్రకారం నోటిమాటగా చెప్పినా చెల్లుతుంది గానీ, రేపు రుజువు కావాలంటే కాగితమే దిక్కు. ఈ నోటీసు సంగతి తెలియక చాలామంది యార్డు వాడితో బేరం కుదుర్చుకుని, బోటు ముక్కలు అమ్మేసి, ఆ తర్వాత మా దగ్గరికి వస్తారు. అప్పటికి చూడడానికి ఏమీ మిగలదు. సర్వేయరు చూసేదాకా ఒక్క ముక్క కూడా అమ్మకండి, కదపకండి. కెరటాలు ఇంకా లాగేస్తుంటే మాత్రం ఫొటోలు తీసి పైకి లాగించండి. నష్టం పెరగకుండా ఆపడం మీ బాధ్యతేనని చట్టమే చెబుతోంది. అందుకు సబబుగా అయిన ట్రాక్టరు కిరాయి, కూలీ లాంటివి అడిగే వీలు ఉంటుంది, రశీదులు ఉంచుకోండి. మునిగిన ఇంజనుదీ ఇదే కథ. బయటికి తీశాక ఫొటో తీసి, వెంటనే మంచినీళ్లతో కడిగించి మెకానిక్‌కి చూపించండి. సర్వేయరు కోసమని రెండు రోజులు ఎండలో వదిలేస్తే లోపల తుప్పు పట్టేస్తుంది. అప్పుడు "ఈ తుప్పు ప్రమాదం వల్ల కాదు, మీ అశ్రద్ధ వల్ల" అంటారు. నేనైనా అదే రాయాల్సి వస్తుంది.

ఇక సముద్ర ప్రమాదం అంటే ఏమిటి? తుఫాను, పెద్ద కెరటం, రాయికో మరో బోటుకో గుద్దుకోవడం, ఇసుక మేటకి తగిలి తిరగబడడం, ఇవన్నీ అందులోకి వస్తాయి. అనుకోకుండా జరగాలి, అది ముఖ్యం. రోజూ ఉండే గాలికి, అలకి బోటు నెమ్మదిగా అరిగిపోవడం, పాత చీలిక నుంచి నీళ్లు ఊరడం, చెక్క పడవైతే పురుగు తొలిచేయడం ఇందులోకి రావు. ఇంజను వాడివాడి పట్టేసినా రాదు.

ఇక్కడ సర్వేయరు ఏం చూస్తాడో చెబితే మీకు ఉపయోగపడుతుంది. ఫైబర్ కొత్తగా విరిగితే ఆ అంచు తెల్లగా, దారాలు విడివడి శుభ్రంగా ఉంటుంది. పాత చీలిక అయితే అంచు నల్లబడి, లోపలికి డీజిలు మరకో నాచో దిగి ఉంటుంది. వేలితో రుద్దితే జిడ్డు తగులుతుంది. వెనక పలక దగ్గర బోల్టు రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయా, లేక ఇంజను అదురుకి కోలగా సాగిపోయాయా అని చూస్తాం. సాగిపోయి ఉంటే ఆ పలక చాలాకాలంగా వదులుగా ఉందన్నమాట. విరిగిన చోట సగం అంచు తెల్లగానూ, సగం నల్లగానూ ఉందంటే పాత దెబ్బ మీద కొత్త దెబ్బ అని రాస్తాం. అప్పుడు వాదన మొదలవుతుంది.

ఏడాది పాలసీలో, బోటు వేటకి పనికొచ్చే స్థితిలో ఉండి తీరాలన్న షరతు దానంతటదే ఉన్నట్టు కాదు. కానీ బోటు బాగాలేదని తెలిసి కూడా యజమాని పంపిస్తే, ఆ లోపం వల్ల జరిగిన నష్టానికి కంపెనీ బాధ్యత ఉండదు. పెద్ద మరబోట్ల ఓనర్లు ఇంట్లో కూర్చుని సరంగుని పంపిస్తారు, వాళ్లకి "నాకు తెలియదు" అనే వీలుంది. మీలాంటి వాళ్లకి ఆ వీలు లేదు. ఓనరూ మీరే, నడిపేదీ మీరే. అందుకే వేట నిషేధం రోజుల్లో బోటుకి పని చేయించినప్పుడు యార్డు రశీదు, రెండు ఫొటోలు దాచండి. ఆ రశీదు ఉంటే పాత చీలిక వాదనకి చాలావరకు జవాబు దొరుకుతుంది.

దొంగతనం దగ్గరికి వద్దాం, ఏజెంటు మాటలో పెద్ద చిల్లు ఇక్కడే ఉంది. చేపల బోట్ల పాలసీలు చాలావరకు ఇన్‌స్టిట్యూట్ ఫిషింగ్ వెసెల్ క్లాజెస్ అనే పాత లండన్ షరతుల మీద నడుస్తాయి. వాటిలో దొంగతనం అంటే బయటివాళ్లు బలప్రయోగం చేసి ఎత్తుకుపోవడం. గొలుసు తెంపడమో, తాళం పగలగొట్టడమో, మనిషిని బెదిరించడమో జరగాలి. మన చట్టంలోనూ అంతే. గుట్టుచప్పుడు కాకుండా ఎత్తుకుపోయినా, సొంత కళాసీయే పట్టుకుపోయినా లెక్కలోకి తీసుకోదు. మీ ఔట్‌బోర్డ్ ఇంజనుకి రెండు బిగింపు స్క్రూలుంటాయి. చేత్తో తిప్పితే వచ్చేస్తాయి. రాత్రి ఇద్దరొచ్చి విప్పి మోసుకెళితే అక్కడ విరిగిన ఆనవాలు ఒక్కటీ ఉండదు. పోలీసు కేసు పెట్టి, ఎఫ్ఐఆర్ తెచ్చి, అన్ని కాగితాలూ జత చేసిన తర్వాత కూడా ఇలాంటి క్లెయిము తిరగ్గొట్టిన సందర్భాలు చూశాను. కంపెనీని తిట్టి లాభం లేదు, పాలసీలో అలాగే ఉంది.

అందుకని రెండు పనులు చేయండి. ఒకటి, ఒడ్డున ఉన్నప్పుడు జరిగే మామూలు దొంగతనం కూడా కలుపుతూ ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి అదనంగా జోడించే షరతు, రాయించండి. కొన్ని కంపెనీలు అదనపు ప్రీమియం తీసుకుని ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. కుదరదంటే ఆ మాటే మెయిల్‌లో చెప్పించుకుని వేరే కంపెనీని అడగండి. రెండోది, ఇంజను సీరియల్ నంబరు పాలసీలో ఉండాలి. "ఔట్‌బోర్డ్ ఇంజను ఒకటి" అని రాస్తే పోయింది మీ ఇంజనేనని నిరూపించలేరు. కొన్న బిల్లులోని నంబరు, ఇంజను మీది నంబరు, పాలసీలో నంబరు మూడూ ఒకటేనా అని ఈరోజే చూడండి. ఒక్క అంకె తేడాకి నెలలకొద్దీ తిరిగినవాళ్లున్నారు. ఇంజనుని గొలుసు వేసి తాళం పెట్టడమో, ఇంటికి తెచ్చుకోవడమో చేయమని నేను చెప్పనక్కర్లేదు గానీ, తాళం ఉంటే పగిలిన తాళమే సాక్ష్యమవుతుంది. పగిలిన ముక్కలు పారేయకండి.

వలల సంగతి. మీరు వలలకి 1,30,000 విలువ రాయించి, దాని మీద ప్రీమియం కట్టారనుకోండి. అయినా సముద్రంలో పరిచిన వల ప్రవాహానికి కొట్టుకుపోయినా, అడుగున రాయికి చిక్కి చిరిగినా రాదు. వల ఏ రోజైనా పోయే వస్తువే, పైగా పోయిందని రుజువు చేయడం కుదరదు, అందుకే కంపెనీలు దాన్ని ముట్టుకోవు. మామూలుగా మూడు సందర్భాల్లోనే ఇస్తాయి: బోటుతో పాటు పూర్తిగా పోయినప్పుడు, అగ్ని ప్రమాదంలో కాలినప్పుడు, బలవంతంగా దోచుకుపోయినప్పుడు. మీ పాలసీలో వీటిలో ఎన్ని ఉన్నాయో చూడండి. బోటుతో పాటు పోతేనే అని ఒక్కటే ఉంటే, వలల విలువని భారీగా చూపించి ప్రీమియం కట్టడం దండగ. ఒడ్డున పాకలో పెట్టిన వలలు బోటు పాలసీ కిందికి రావు. పాకకి నిప్పంటుకుంటే అన్న భయం ఉంటే, పాకకీ లోపలి సరుక్కీ విడిగా ఫైర్ పాలసీ అడగండి.

మీ వైపు వలలు పోవడానికి ఇంకో పెద్ద కారణం మరబోట్లు. ఒడ్డు దగ్గరికి వచ్చి ట్రాల్ లాగుతూ మీ వలల్ని తెంచుకుపోతాయి. దీనికి ఇన్సూరెన్స్ దారి కాదు, మత్స్యశాఖ దారి. ఆంధ్రలో తీరం నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ పడవలకే. అందులోకి మరబోటు వస్తే 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద ఫిర్యాదు చేయొచ్చు. బోటు మీద IND-AP తో మొదలయ్యే నంబరు ఉంటుంది. ఫోనులో ఆ నంబరు కనిపించేలా, వీలైతే చోటు కూడా తెలిసేలా ఫొటో తీయండి.

అదే మరబోటు మీ బోటునే గుద్దిందనుకోండి. అప్పుడది ఇన్సూరెన్స్ కిందికి వస్తుంది. కానీ ఇక్కడ ఊళ్లలో మామూలుగా జరిగేది చెబుతాను. సాయంత్రం పెద్దలు కూర్చుంటారు, మరబోటు ఓనరు ఒక నలభై వేలు ఇస్తానంటాడు, ఇక ఏ గొడవా లేదని కాగితం మీద సంతకాలు పెడతారు. మర్నాడు మీరు క్లెయిము వేస్తారు. మీకు డబ్బిచ్చాక గుద్దినవాడి దగ్గర వసూలు చేసుకునే హక్కు కంపెనీది. ఆ హక్కుని మీరు నిన్ననే వదిలేసుకున్నారు. దాంతో క్లెయిము ఆపేస్తారు, లేదా కోసేస్తారు. పెద్దల మాట కాదనలేని పరిస్థితి నాకు తెలుసు. కనీసం "ఇన్సూరెన్స్ కంపెనీ చూసి చెప్పేదాకా సంతకం పెట్టలేను" అని రెండు రోజులు గడువు అడగండి.

బ్యాంకు విషయంలో ఒక మాట. చాలాచోట్ల లోను ఎంతో అంతకే పాలసీ చేయిస్తారు. వాళ్ల డబ్బు వాళ్లకి వస్తే చాలు. మీ సొత్తు ఆరు లక్షలు, లోను నాలుగున్నర అనుకోండి. పాలసీ నాలుగున్నరకే చేస్తే, బోటు మొత్తం పోయిన రోజు కంపెనీ ఇచ్చేది మహా అయితే నాలుగున్నరే. పాలసీలో బ్యాంకు పేరుంటుంది కాబట్టి అది ముందు బ్యాంకుకే వెళుతుంది. అప్పటికి బాకీ 3,80,000 ఉంటే మీ చేతికి వచ్చేది డెబ్బై వేలు. దాంతో ఇంజను కూడా రాదు. పూర్తి విలువకి చేయించండి, ఆ విలువ "అగ్రీడ్ వాల్యూ" అని రాయించండి. అలా రాస్తే, మోసం లేనంతవరకు, బోటు పూర్తిగా పోయిన రోజున "పాత బోటు కదా, ఇంత విలువ చేయదు" అని కంపెనీ అనడానికి లేదు. అలాగని ఆరు లక్షల సొత్తుకి పది లక్షలు రాయించకండి, అదే మోసం కిందికి వెళుతుంది.

ఇంకొక షరతు ఉంది, ఎవరూ చదవరు. బోటు ఎక్కడ, ఎప్పుడు తిరగొచ్చు అన్నది. తీరం నుంచి ఎంత దూరం అన్న హద్దు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధం, వాతావరణ హెచ్చరిక ఉన్నప్పుడు వెళ్లకూడదన్న మాట, వీటిని కంపెనీలు ఒక్కోటి ఒక్కోలా రాస్తాయి. వారంటీ అని రాసి ఉంటే దాన్ని అక్షరాలా పాటించాలి, అది తప్పాక కారణం చెప్పి లాభం లేదు. నిషేధం అరవై ఒక్క రోజులూ బోటు ఒడ్డునే ఉంటుంది కదా, అప్పుడు కూడా పాలసీ పని చేస్తుందా అని అడగండి. మే నెలలో తుఫాన్లు రావా? 2022లో అసని వచ్చింది మేలోనే. ఒడ్డున లాగి పెట్టిన బోటుని ఉప్పెన నీళ్లు ఎత్తి కొట్టినా, జెట్టీలో కట్టేసి ఉండగా కాలిపోయినా వస్తుందని స్పష్టంగా ఉండాలి. 2023 నవంబరులో విశాఖ ఫిషింగ్ హార్బరులో రాత్రికి రాత్రే బోట్లు కాలిపోయింది లంగరేసి ఉండగానే. అప్పుడు ప్రభుత్వం బోటు విలువలో 80 శాతం ఇస్తామంది. ప్రతిసారీ అలా వస్తుందనుకుని ఇన్సూరెన్స్ మానేసేవాళ్లని చూస్తుంటే నాకు టెన్షన్‌గా ఉంటుంది.

ఇప్పటిదాకా చెప్పిన పాలసీ బోటుకి మాత్రమే, మనుషులకి కాదు. మీకూ మీ కళాసీలకీ ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద గ్రూపు ప్రమాద బీమా విడిగా ఉంది. ప్రమాదంలో ప్రాణం పోతే 5 లక్షలు, ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. మీ పేర్లు అందులో ఉన్నాయో లేదో మత్స్యశాఖ ఆఫీసులో కనుక్కోండి.

ఏదైనా జరిగితే సముద్రంలోంచే 1554కి, అంటే కోస్ట్ గార్డుకి, ఫోను కలిస్తే చేయండి. 1093 మెరైన్ పోలీసులది. ప్రాణాల కోసమే కాదు, ఆ కాల్ వివరాలు తర్వాత మీకు సాక్ష్యం. ముఖ్యంగా బోటు కనిపించకుండా పోయిన కేసుల్లో ఇది ప్రాణాధారం. తగినంత కాలం ఏ కబురూ రాకపోతే బోటు పూర్తిగా పోయినట్టే భావించవచ్చని చట్టంలో ఉంది. కానీ వేటకి ఎప్పుడు వెళ్లిందో, చివరిసారి ఎవరు ఎక్కడ చూశారో, ఎవరికి ఫిర్యాదు చేశారో కాగితం మీద ఉండాలి. ఒడ్డుకి రాగానే కంపెనీకి వాట్సాప్ లేదా మెయిల్ పెట్టండి, ఏజెంటుకి నోటితో చెప్పి ఊరుకోకండి. మత్స్యశాఖ అధికారి దగ్గర ప్రమాదం గురించి కాగితం తీసుకోండి. అన్ని చోట్లా ఒకే సమయం, ఒకే చోటు చెప్పండి. పోలీసు కాగితంలో తెల్లవారుజాము అనీ, క్లెయిము ఫారంలో రాత్రి పదింటికనీ ఉంటే సర్వేయరు కన్ను ముందు అక్కడే పడుతుంది.

క్లెయిము తిరగ్గొడితే ఏ షరతు కింద తిరగ్గొట్టారో రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. అక్కడా తేలకపోతే హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసుకి రాయొచ్చు. ఆంధ్రా, తెలంగాణ, యానాం దాని కిందికే వస్తాయి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ కాదన్నాక ఏడాది లోపు వేయాలి.

సంతకం పెట్టే ముందు ఏజెంటు చేత ప్రపోజల్ ఫారం, పాలసీ నమూనా రెండూ తెప్పించుకోండి. లోను ఖాతా నంబరు, ఫోను నంబరు చెరిపేసి, మొదటి పేజీ, ఎండార్స్‌మెంట్లు, వారంటీలు ఉన్న పేజీల ఫొటోలు ఇక్కడ పెడితే మీకు ఏది ఉందో, ఏది లేదో చూసి చెబుతాను.